ముప్పై పైకెక్కిన చెట్టు

డేటా స్ట్రక్చర్స్ అనే పేపర్ని మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. మా అమ్మకు అది చెట్ల పేపరు. నాయనకు ఒట్టి చెట్టు. పుంగనూరు బస్టాండులో ఎవరైనా తెలిసినవాళ్ళు ఎదురై పాప చదువు ఎందాకా వచ్చిందని అడిగితే, "అన్నీ అయిపోయినాయప్పా, ఒక సెట్టు నిలబడి ఉండాది" అనేవాడు. వాళ్ళకేం అర్థమయ్యేదో ఆ దేవుడికెరుక. పక్కన నిలబడిన నాకు మాత్రం తల తీసేసినట్టుండేది.

ఎంసీఏ కుప్పంలో చదివాను. తొంభైల చివర్లో చేరాను. జావా పాసయ్యాను, నెట్‌వర్క్స్ పాసయ్యాను, ఎవరికీ కొరుకుడుపడని గణితం పేపరు కూడా మొదటిసారే గట్టెక్కాను. ఈ ఒక్కటి దగ్గర ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టయింది. చేరినప్పటినుంచి ఇన్నేళ్ళలోపు అన్ని పేపర్లూ పాసవ్వాలి, లేకపోతే డిగ్రీయే లేదు అనే నిబంధన ఒకటుంది. ఆ గడువులో నాకు మిగిలింది ఒకే ఒక్క సప్లిమెంటరీ. పుంగనూరులోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్ళు సర్టిఫికెట్ తెచ్చిన రోజునుంచే లెక్చరర్‌గా తీసుకుంటామని ఖాళీ పెట్టుకుని ఉన్నారు. అందాకా వాళ్ళ ల్యాబులో పిల్లలకు కంప్యూటర్లు ఆన్ చేసి ఆఫ్ చేసే పని నాది.

ఆ పేపర్లో ప్రతిసారీ ఒక లెక్క తప్పకుండా వస్తుంది. కొన్ని అంకెలిస్తారు. వాటిని ఇచ్చిన వరసలోనే ఒక్కొక్కటిగా చేరుస్తూ ఏవీఎల్ ట్రీ అనే అంకెల చెట్టును చేత్తో గీయాలి. చిన్న అంకె ఎడమకు, పెద్దది కుడికి దిగుతుంది. ఇక్కడి చెట్టుకు వేరు పైన, కొమ్మలు కింద. ఏ అంకె కిందనైనా ఒకపక్క రెండోపక్కకంటే రెండు మెట్లు లోతుగా దిగిపోతే తూకం తప్పినట్టు. అప్పుడు మూడంకెలు పట్టుకుని, వాటిలో నడిమిదాన్ని పైకెత్తి తిప్పి సరిచేయాలి. కంప్యూటరు కన్ను మూసి తెరిచేలోపు చేసే పనిని మనం పెన్సిలుతో చెమటలు కక్కుతూ చేయాలి. అదేం శిక్షో, ఎవడు కనిపెట్టాడో గాని, పద్నాలుగు మార్కులు దానికే.

నేను ప్రతిసారీ దాంట్లోనే పల్టీ కొట్టేదాన్ని. ఎందుకు కొడుతున్నానో కూడా తెలిసేది కాదు. తెలియకుండా తప్పడమంత నరకం ఇంకొకటి లేదు. రాసి బయటికొచ్చినప్పుడల్లా బాగానే రాశాననుకునేదాన్ని.

ఆ చివరి సప్లిమెంటరీకి ముందు వేసవిలో మదనపల్లెకు అక్క దగ్గరికి వెళ్ళాను. సొంత అక్క కాదు. డిగ్రీలో నాకు సీనియర్, అప్పటికే ఒక కాలేజీలో ఇవే పాఠాలు చెబుతోంది. వాళ్ళమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆ కాంపౌండులోని క్వార్టర్సులో ఉండేవాళ్ళు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా వరండాలో కూర్చుని, ఒక అంకెల వరస చెప్పి గీయమంది. 50, 25, 75, 10, 30, 5.

నేను గీశాను. 5 చేరగానే చెట్టు ఎడమకు ఒరిగింది. అడుగున ఉన్న మూడూ, అంటే 5, 10, 25 పట్టుకుని, వాటిలో నడిమిది 10 కాబట్టి దాన్ని పైకెక్కించాను. చూస్తే చెట్టు ఇంకా ఒరిగే ఉంది. నాకేమో చేసిన పద్ధతి సరైనదే అనిపిస్తోంది.

అక్క పెన్సిలు లాక్కుంది. "ఈ మూడే యాల పట్టుకున్నావు?"

"మూడు పట్టుకుని నడిమిదాన్ని పైకి ఎత్తమనే గదక్కా సెప్పినారు."

"ఏ మూడు అని అడిగినావా?"

నేనెప్పుడూ అడగలేదు. క్లాసులో వేసిన ఉదాహరణల్లో ఎప్పుడూ ఉండేవే మూడు అంకెలు. 10, 20, 30. లేకపోతే 30, 10, 20. మూడే ఉన్నచోట ఏ మూడని ఎవరడుగుతారు? ఆ మూడంకెల పాఠాన్ని బట్టీపట్టుకుని ఇన్నేళ్ళు పరీక్షలు రాశానన్నమాట. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అక్క రెండింటికీ సమయం ఇవ్వలేదు.

"సూడుమే. కొత్తది యాడ చేరిందో ఆడ్నించి పైకి పోతా ఉండు. మొదట యాడ తూకం తప్పిందో ఆడ వేలు పెట్టు. పెట్టినాక, కొత్తది పోయిన దారినే రెండు మెట్లు కిందికి దిగు. ఆ మూడు. అడుగున ఉండేటివి కాదు."

5 నుంచి పైకి వెళ్ళాను. 10 దగ్గర బాగానే ఉంది. 25 దగ్గరా బాగానే ఉంది. 50 దగ్గర తప్పింది. అక్కడ వేలు పెట్టి దిగితే 50, 25, 10. నడిమిది 25. అది పైకి వెళ్ళింది. 10 దానికి ఎడమన, 50 కుడిన. 25 కింద కుడిపక్కనున్న 30 దిక్కులేనిదై, 50కి ఎడమన చేరింది. చెట్టు నిటారుగా నిలబడింది. ఇంతేనా అనిపించింది. ఇంతే. ఇంత దానికి నా వయసు కరిగిపోయింది.

ఆ వేసవంతా గీస్తూనే ఉన్నాను. పరీక్ష రోజు నాయన నాతో కుప్పం వచ్చాడు. వద్దన్నా వినలేదు. తోటలో టమోటా కోత ఉన్నా వదిలేసి, తెల్లవారకముందే పలమనేరు బస్సెక్కి, అక్కడ మారి, వి.కోట మీదుగా కుప్పంలో దిగాం. హాలు బయట వేపచెట్టు నీడలో కూర్చున్నాడు.

ప్రశ్నపత్రం తిప్పగానే అది కనబడింది. 40, 20, 60, 10, 30, 25, 70. ప్రతి అంకె చేర్చిన తర్వాతా చెట్టు గీయండి.

40, 20, 60, 10, 30 దాకా తూకం బాగుంది. 25 వచ్చి 30కి ఎడమన దిగింది. 40 దగ్గర తప్పింది. వేలు పెట్టాను. 40, 20, 30. నడిమిది 30. అది పైకి, 20 ఎడమకు, 40 కుడికి. 25ను 20కి కుడిన పెట్టాను. ఆఖరున 70 వచ్చి 60 కింద చేరితే మళ్ళీ 40 దగ్గరే తప్పింది. ఈసారి 40, 60, 70. 60 పైకెక్కింది. చివరికి పైన 30, దానికింద 20, 60, అడుగున 10, 25, 40, 70. ఎక్కడా ఒక్క ఖాళీ లేదు. అంత అందమైన చెట్టు నేను ఎప్పుడూ గీయలేదు.

ఇదంతా చేసింది ఆన్సర్ షీటు చివరి పేజీలో. హైస్కూల్లో లెక్కల అయ్యవారు బెత్తం పట్టుకుని నేర్పిన పద్ధతి మాది. చిత్తు లెక్కలన్నీ చివరి పేజీలో ఉండాలి, పైన రఫ్ అని రాయాలి, పని అయ్యాక దానిమీద ఐమూలగా గీత కొట్టాలి. జవాబు పేజీ కడిగిన పళ్ళెంలా ఉండాలి. మా చుట్టుపక్కల చదివిన వాళ్ళెవరూ ఇంకో విధంగా పరీక్ష రాయరు. నేనూ ఆ చివరి చెట్టును మాత్రం స్కేలు పెట్టి, సున్నాలు గుండ్రంగా వచ్చేలా, ముందు పేజీలోకి ఎక్కించాను. రఫ్ మీద గీత కొట్టాను.

బయటికి రాగానే నాయన లేచి నిలబడ్డాడు. "ఏమ్మా, సెట్టు వచ్చిందా?"

"వచ్చింది నాయనా."

తిరుగు బస్సులో ముందు సీటాయనకు, కండక్టరుకు, వి.కోటలో ఎక్కిన పూలమ్మే ఆమెకు కూడా చెప్పాడు. ఆ రోజు నాకు సిగ్గనిపించలేదు.

ఆ ఆదివారమే ప్రశ్నపత్రం తీసుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను. ఆమె గీసింది, నేను గీశాను. రెండూ ఒకటే. అక్క నా భుజం తట్టింది. తర్వాత పత్రం మళ్ళీ చూసింది.

"ప్రతి అంకెకూ ఏయమన్యారు గదా. అన్నీ ఏసినావా?"

"ఏసినానక్కా. రఫ్‌లో."

"రఫ్ కొట్టేసినావా?"

తలూపాను. అక్క పత్రం మడిచి నా చేతికిచ్చింది. లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అది తాగలేదు, బస్సు టైమైందని లేచి వచ్చేశాను.

ఫలితాలొచ్చేదాకా ఎలా బతికానో గుర్తులేదు. దిద్దేవాళ్ళు మంచివాళ్ళయితే చివరి పేజీ చూస్తారు, గీత కింద అంకెలన్నీ కనిపిస్తూనే ఉంటాయి కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. ఆశ ఎంత సిగ్గుమాలిందో అప్పుడే తెలిసింది. పాసుకు రెండు మార్కులు తగ్గాయి.

కుప్పం వెళ్ళి, మాకు పాఠం చెప్పిన సారును కలిశాను. తిట్టాలని వెళ్ళాను, నిజం చెబుతున్నాను. ఆయన మర్యాదగా కూర్చోమన్నారు. నా పేపరు దిద్దింది ఆయన కాదు, కానీ పద్ధతి చెప్పారు.

"కొట్టేసింది మేము సూడమమ్మా. సూడకూడదు. ఆఖరు చెట్టు ఒకటే ఏస్తే, పక్కనోళ్ళది సూసి ఏసినా అట్నే ఉంటాది గదా. మార్కులు యాడ యాడ తిప్పినావనే దానికే."

"నేను తిప్పినాను సార్. ఆడే ఉండాది."

"ఉంటాదిలే" అన్నారు. నమ్మారు కూడా. నమ్మితే ఏం లాభం? ఇంకోసారి రాసే వీలు ఏమైనా ఉందా అని అడిగాను. గడువు అయిపోయిందన్నారు. ఆయన మాటలో తప్పేమీ లేదు. తప్పు లేనివాడిమీద కోపం ఎటూ పోదు, కడుపులోనే మురుగుతుంది.

ఇంటికొచ్చేసరికి నాయన కళ్ళంలో బుట్టలు సర్దుతున్నాడు. నా ముఖం చూసి పని ఆపేశాడు.

"సెట్టు తప్పిందా?"

"లేదు నాయనా. సెట్టు సరిగ్గానే ఉండాది."

"మరి?"

ఎంత చెప్పినా అర్థం కాలేదు. సరిగ్గా వేస్తే ఎందుకు తప్పిస్తారని మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. విసుగొచ్చి ఒక పుల్ల తీసుకుని అక్కడే మట్టిలో గీయడం మొదలుపెట్టాను. 40. దాని పక్కన మళ్ళీ 40, దానికి ఎడమన 20. ఒక్కో అంకె చేరినప్పుడల్లా ఇంకో చెట్టు, దేన్నీ చెరపకుండా. ఎక్కడ ఒరిగిందో, ఏది పైకి పోయిందో, 25 ఎవరి దగ్గరికి చేరిందో అన్నీ చెప్పాను. నాయన గొంతుక్కూర్చుని ఒక్కో చెట్టు దగ్గరికీ జరుగుతూ చివరిదాకా వచ్చాడు. 30 పైన నిలబడిన చెట్టును చాలాసేపు చూశాడు.

"ఇట్నే ఏసింటే సరిపొయ్యేది గదమ్మా" అన్నాడు.

అవును నాయనా అన్నాను.