జానయ్య కట్టిన నిమ్మకాయ

కోస్గి సంత రోజే అండాలు టీకొట్టులో పొయ్యి మొరాయించింది. సన్నటి ఎర్రమంట మీద టీ మరగడం లేదు, గిరాకీ అంతా పక్క కొట్టుకు పోతోంది.

ఆమె మొగుడు జానయ్య మహా మేధావి, క్షణంలో కారణం కనిపెట్టేశాడు. “దిష్టి తగిలిందే!” అంటూ పొయ్యి పైన నిమ్మకాయ కట్టాడు.

“పొద్దుగాల ఫోను చూసుకుంట పాలు పొంగిచ్చినవ్, గదీ దిష్టి!”

అండాలు గ్యాస్ కట్టేసి, చల్లారిన ఇత్తడి బర్నర్లు తీసింది. ఆ నిమ్మకాయనే సబ్బు కలిపిన వేడినీళ్లలో పిండి, వాటిని నానబెట్టింది. గాజుకున్న పిన్నీసుతో రంధ్రాల్లో మాడిన పాలు పొడిచి తీసి, కడిగి, తడి లేకుండా తుడిచి పెట్టింది. వెలిగిస్తే నీలిమంట లేచింది. గిరాకీ తిరిగొచ్చింది.

“చూసిన్రా, నిమ్మకాయ కట్టంగనే దిష్టి పోయింది!” అన్నాడు జానయ్య వచ్చినవాళ్లతో.

“గట్లనా? రేపటి సంది పాలకాడ నిమ్మకాయనే కూసోబెడ్త. నువ్వు గిలాసలు కడుగు.”