స్నానానికి ముందు చెంబు చప్పుడు

చిట్టెమ్మ చూసుకునే రోగి ఒంటి మీద చిన్న గీత కూడా పడదని గాజువాక వైపు పేరు. మంచాన పడ్డవాళ్లకు, పక్షవాతం వచ్చినవాళ్లకు సేవ చేసీ చేసీ ఆమె జుట్టు నెరిసింది. ఏ ఇంట్లోనూ ఎవరికీ వీపున పుండు పడనివ్వలేదు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే. కొత్త ఆయాలు కనబడితే చాలు, కూర్చోబెట్టి మరీ చెప్పేది. మొగుడు ఎప్పుడో పోయాడు, సొంత గూడంటూ లేదు. చెప్పుకోవడానికి ఆ ఒక్కటైనా ఉండాలి కదా మనిషికి.

కామరాజుగారి ఇంటికి ఆమె వచ్చింది ఆయనకు పక్షవాతం వచ్చాక. కోనసీమ నుంచి కుర్రతనంలో వచ్చి పోర్టులో క్రేన్ నడిపిన మనిషి ఆయన. మాట పడిపోయింది, కుడి పక్క పడిపోయింది. ఆ పక్క గిల్లినా తెలియదు. కొడుకు జయంత్ అచ్యుతాపురంలో ఫ్యాక్టరీకి వెళతాడు, కోడలు గౌరీశ్వరి ద్వారకా నగర్‌లో కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెబుతుంది. మల్కాపురంలో అపార్టుమెంటు, అన్నిటికన్నా పై అంతస్తు.

ఆయనకు మిగిలిన సుఖం ఒక్కటే, స్నానం. బొగ్గు ధూళిలో బతికినవాడికి డ్యూటీ దిగాక నీళ్ల విలువ తెలుస్తుంది మరి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి షవర్ విప్పితే కళ్లు మూసుకునేవాడు. కదిలే సగం మూతితో నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే చిట్టెమ్మ ఏ రోజూ తడిగుడ్డతో తుడిచి సరిపెట్టలేదు.

కొన్నాళ్లకు ఆ షవర్‌కు పిచ్చి పట్టింది. వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే మీట ఒకటే. దాన్ని సరిగ్గా గోరువెచ్చగా పెట్టి చెయ్యి తీస్తే ఇంతలో కాలేవి, ఇంతలో జిల్లుమనేవి. అవతల బాత్‌రూమ్‌లో ఎవరైనా ఫ్లష్ నొక్కితే చెప్పనక్కర్లేదు, సలసలమనే నీళ్లు దిగేవి. ఫ్లష్ ట్యాంకు నిండాక మళ్లీ చల్లబడేవి.

అందుకని చిట్టెమ్మ ఒక పద్ధతి పెట్టింది. కామరాజు తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టాక స్టీలు చెంబుతో బాత్‌రూమ్ తలుపు మీద గట్టిగా కొట్టేది. ఆ చప్పుడు వింటే ఇంట్లో ఎవరూ కుళాయి ముట్టకూడదు. కోడలు గిన్నెల మీద నీళ్లు ఆపేసేది, కొడుకు సగం గీసిన గడ్డంతో నిలబడిపోయేవాడు. చెంబు మళ్లీ మోగితేనే ఇల్లు కదిలేది. చుట్టాలొస్తే గౌరీశ్వరి ముందు ఆ సంగతే చెప్పి తర్వాత మంచినీళ్లిచ్చేది. నవ్వుకునేవాళ్లు గానీ పాటించేవాళ్లు.

ప్లంబర్ మౌలాలిని పిలవలేదని కాదు. వన్ టౌన్ నుంచి వచ్చాడు. మీట ఊడదీసి లోపలి కార్ట్రిడ్జ్ అరచేతిలో పెట్టి చూపించాడు. నీళ్లను కలిపే పింగాణీ బిళ్లలు అరిగిపోయాయి, రబ్బరు రింగులు గట్టిపడ్డాయి, అందుకే మీట పెట్టినచోట నిలవడం లేదన్నాడు. పైగా గీజరుకు మేడ మీది ట్యాంకు నుంచి విడిగా పైపు ఉంది. చన్నీళ్ల పైపు మాత్రం ఫ్లష్షులకూ వంటింటికీ అన్నిటికీ ఒకటే. అటు ఎవరు వాడినా షవర్‌కు చన్నీళ్లు తగ్గిపోతాయి, వేడినీళ్లు మాత్రం అలాగే వస్తాయి. చన్నీళ్లు తగ్గితే వేడినీళ్లనూ తగ్గించే రకం కార్ట్రిడ్జ్ వేయాలన్నాడు.

ఉగాది వెళ్లాక బాత్‌రూమ్ పగలగొట్టి మొత్తం కొత్తగా కట్టిస్తున్నాం, ఇప్పుడు దానికి కొత్త సామాను దేనికంది గౌరీశ్వరి. మాట సబబుగానే ఉంది. మౌలాలి పాతదానికే గ్రీజు రాసి బిగించాడు. గీజరు డయలు బాగా తగ్గించి, దీన్ని పెంచొద్దని చిట్టెమ్మతోనే చెప్పి వెళ్లాడు. ఆమె కూడా పట్టుబట్టలేదు. నా చెయ్యుంది, నా చెంబుంది అనుకుంది.

చలికాలం వచ్చింది. వేడి తగ్గించిన గీజరు నీళ్లు ఒకరికే చాలుతున్నాయని జయంత్ ఓ ఉదయం డయలు పైకి తిప్పాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని తోచనైనా లేదు.

ఓ ఆదివారం పొద్దున తాతగారు పక్క తడిపేశాడు. చిట్టెమ్మ దుప్పటి తీసి బాల్కనీలోని వాషింగ్ మెషిన్‌లో వేసి తిప్పింది. రోజూ అయితే మెషిన్ సాయంత్రమే వేస్తారు. ఆయన్ని కూర్చోబెట్టి చెంబు మోగించింది. ఇల్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగారు. చేతి మీద నీళ్లు పడనిచ్చి చూసుకుంది, హాయిగా ఉన్నాయి. షవర్‌ను కొక్కేనికి తగిలించి, ఆయన కుడి భుజం మీద పడేలా తిప్పి, ఎడమకాలి వేళ్ల సందులు రుద్దడానికి ఒంగింది.

మెషిన్‌లో ఉతకడం అయింది. జాడించే నీళ్ల కోసం దాని కుళాయి అదే తెరుచుకుంది. ఇంట్లో ఏ మనిషీ ఏ నీళ్లూ ముట్టలేదు. చెంబు మోత మెషిన్‌కు వినబడదు కదా.

కాలు రుద్దుతున్న చిట్టెమ్మ తలెత్తేసరికి అద్దం ఆవిరితో మసకబారింది. గబుక్కున మీట మూసింది. కుడి భుజం నుంచి తొడ దాకా ఎర్రగా కమిలిపోయింది. తాతగారు కళ్లు మూసుకుని ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు చూసి చిట్టెమ్మ కేక పెట్టింది. ఆమె కేకకు జయంత్ పరిగెత్తుకొచ్చాడు. కట్టేసిన షవర్‌లోంచి ఎడమ చెంప మీద రెండు వేడి చుక్కలు పడ్డాక గానీ తాతగారికి ఏదో అయిందని తెలియలేదు.

ఆస్పత్రిలో చాలా రోజులే ఉంచారు. షుగరు మనిషి, బొబ్బలు చితికి పుండ్లయ్యాయి. ఇంటికి తెచ్చారు గానీ తొడ మీది పుండు మానడం లేదు. నీళ్లు తగలకూడదన్నారు. ఇక మానదేమోనని నర్సు చిట్టెమ్మతో మెల్లగా అంది.

కార్ట్రిడ్జ్ మాత్రం ఒళ్లు కాలిన మర్నాడే దొరికింది. మౌలాలి వన్ టౌన్ కొట్లోంచే తెచ్చాడు. బిగిస్తూ డయలు చూశాడు. ఎవరు పెంచారని అడిగితే చిట్టెమ్మ తెలియదంది. ఆ తర్వాత జయంత్ ముఖం చూసింది, తెలిసిపోయింది.

గౌరీశ్వరి కూర్చోబెట్టి అడిగింది. కోపంగా కూడా కాదు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. "ఆ టైములో మెషిన్ ఎవరేశారు చిట్టెమ్మా?"

"నానే ఏసేనమ్మా."

జయంత్ నేల చూపులు చూస్తున్నాడు. చిట్టెమ్మ అతని వైపు తిరిగింది. "గీజరెవరు పెంచేరో నాను అడగను బాబూ. ఆయన పక్కనున్నది నాను. సెయ్యి తీసింది నాను."

 పెంచింది తనేనని అతను భార్యకు ఆ రోజు చెప్పలేదు, తర్వాతైనా చెప్పాడో లేదో. చిట్టెమ్మను వచ్చే నెల నుంచి వద్దన్నారు. ఆమె తల ఊపింది. ఆమెకు అన్యాయం జరిగిందా అంటే, సగం జరిగింది. ఆ సగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకే తేలలేదు.

చివరి రోజు ఆమె బట్టల సంచి సర్దుకుంది. వెళ్లేముందు బాత్‌రూమ్‌లోకి వెళ్లి షవర్ విప్పింది. మీట పెట్టినచోటే నిలబడింది. చెయ్యి నీళ్ల కింద ఉంచి, అవతలి ఫ్లష్ నొక్కమని గౌరీశ్వరిని అడిగింది. ఆమె నొక్కింది. నీళ్లు రవ్వంత వెచ్చబడ్డాయి, అంతే. మళ్లీ సర్దుకున్నాయి. చిట్టెమ్మ చాలాసేపు అలాగే చెయ్యి పెట్టుకుని నిలబడింది.

గదిలోంచి ఏదో గొణుగుడు వినిపించింది. తలుపులోంచి చూసింది. నీళ్ల చప్పుడు విని కామరాజుగారు మంచం మీద ఎడమ చెయ్యి పైకెత్తి ఉన్నాడు, తనను లేపి కుర్చీలో కూర్చోబెడుతుందని. సగం మూతితో నవ్వుతున్నాడు.

చిట్టెమ్మ వెనక్కి తిరిగి షవర్ కట్టేసింది.