మగ్గం చప్పుడులో పిలుపు

మా పెదనాన్న రోశయ్యకు మెల్లగా మాట్లాడటం పుట్టుకతోనే రాలేదు. మంగళగిరి నేతపనివాళ్ల వీధిలో ఆ చివరి మనిషితో పని పడినా ఆయన గుమ్మం దిగేవాడు కాదు, కూర్చున్నచోటు నుంచే కేక. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని తాడు లాగుతూనే, ఆ టకటకల మీదుగా వంటింట్లోకి "ఏమేవ్" అని వేసేవాడు. మా పెద్దమ్మ పేరు రమణమ్మ అని ఆయనకు గుర్తుందో లేదో నాకు అనుమానమే. పెళ్లయిన నాటి నుంచీ ఆమె ఆయనకు ఏమేవే.

నోరు అంత పెద్దదైనా చెయ్యి మహా నాజూకు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాల వరస, అయిపోతే, మిగిలిన దారాల కొసలకు కొత్త పడుగు దారాలు ఒక్కొక్కటీ మెలిపెట్టి అతికించాలి. వేలకు వేల దారాలు. వీధిలో ఎవరింట పడుగు అతకాలన్నా ఆయన వెళ్లేవాడు. వాళ్ల టీ తాగి, వాళ్ల నేతకే వంకలు పెట్టి, పని మాత్రం దేవుడి పనిలా చేసి వచ్చేవాడు. అందుకే ఆయన్ను అందరూ తిట్టుకునేవారు, అందరూ పిలిచేవారు.

కిందటేడు వానలప్పుడు జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి కాళ్లు తిమ్మిరెక్కాయి, తర్వాత చేతులు పడిపోయాయి, తర్వాత ఊపిరే బరువైంది. నరాలకు వచ్చే జబ్బన్నారు గుంటూరు ఆస్పత్రిలో. గొంతులో గొట్టం వేసి మిషను మీద ఉంచారు. గండం గడిచింది. ఇంటికి పంపేటప్పుడు పెద్ద డాక్టరు, "నరాలు మెల్లగా కోలుకుంటాయి, తొందరపడకండి. మాట్లాడించండి, ఎంత మాట్లాడిస్తే అంత మంచిది" అన్నాడు.

మాట్లాడించడం ఎవరి తరం? గొంతు బొంగురుపోయింది, పెదాలు కలవవు, పక్కనుంచి చొంగ కారుతుంది. అంత నోరున్న మనిషి సిగ్గుతో నోరు మూసుకున్నాడు. చేతుల్లో చలనం లేదు కాబట్టి గంట ఇచ్చినా నొక్కలేడు. పెద్దమ్మ ముందు గదిలో మగ్గం మీద కూర్చుంటే ఆయన వెనక గదిలో మంచం మీద. దాహమేసి పిలిచినా ఆ చప్పుడులో వినపడదు. దాంతో ఆమె పది పోగులు నేసి ఒకసారి లేచొచ్చేది. మాటిమాటికీ ఆపి మొదలుపెడితే గుడ్డలో గీతలు పడతాయి. ఆ గీతలు ఆయన మంచం మీదనుంచి చూడలేడు గానీ, చప్పుడు ఆగినప్పుడల్లా ఆయనకు తెలుసు.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి పెద్దమ్మ తేల్చేసింది. "ఈ పడుగు అయిపోతే ఇంక కొత్తది తీసుకోనే హేమా. మగ్గం విప్పిచ్చేస్తా. ఈయన పక్కన కూర్చుంటా."

పెదనాన్న గోడవైపు తిరిగాడు. తల తిప్పడం ఒక్కటే అప్పటికి ఆయనకు చేతనైన పని. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి రాలేదు. నేను చూడనట్టు నటించి, బయటికొచ్చి, ఎవరిమీదో తెలియని కోపంతో బస్సెక్కాను.

నేను నల్లపాడు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను. మైకుతో పాటు వచ్చే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు మా బీరువాలో ఉంటాయి. పిల్లలు వాటికి ఎస్, నో లాంటి నాలుగు ముక్కలు నేర్పి మార్కులు తెచ్చుకుంటారు. పెదనాన్న మాట వినగానే పెద్దమ్మకు తెలిసే ఏర్పాటు ముందు ఫోన్లో ప్రయత్నించి చూశాను. ఆ గొంతు దానికి అర్థం కాలేదు, పైగా వెనక గదిలో నెట్ ఉండదు. ఈ బోర్డుకు నెట్టూ అక్కర్లేదు, అందరి గొంతులూ తెలియక్కర్లేదు. ఆయన ఒక్కడి గొంతు తెలిస్తే చాలు.

"నాలుగు మాటలు చెప్పు పెదనాన్నా" అన్నాను. ఫ్యానుకు 'గాలి', బల్బుకు 'లైటు', రెండూ ఆపడానికి 'చాలు' అని ఇద్దరం ఒప్పుకున్నాం. మగ్గం దగ్గర దీపం వెలిగించి పెద్దమ్మను పిలిచే మాట దగ్గర పేచీ వచ్చింది. పెదాలు కలవని మనిషికి మకారం ఎందుకు, వేరే మాట పెట్టుకోమన్నాను. వీధిలో సగం మంది మగవాళ్లు పెళ్లాల్ని పిలిచే మాట అది, ఎవరు పిలిచినా వెలిగిపోతుందని కూడా చెప్పాను.

ఆయన అడ్డంగా తల ఊపాడు. ఊపిరి కూడదీసుకుని, "ఏ... ఎయ్" అన్నాడు. అదే ఏమేవ్. ఆస్పత్రి నుంచి వచ్చాక తనంతట తాను అన్న మొదటి మాట అదేనట. పెద్దమ్మ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇంక నేనేం వాదిస్తాను?

రికార్డు చేయడం మొదలుపెట్టాం. ఒక్కో మాటా వందల సార్లు అనాలి. ఆయన గొంతు తొందరగా అలిసిపోయేది, అందుకని పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. డాక్టరు చెప్పిన కసరత్తుకు ఒప్పుకోని మనిషి, మిషనుకు నేర్పడమంటే మాత్రం విసుక్కోలేదు. మిషను దగ్గర సిగ్గేముంటుంది? అది చొంగ చూడదు.

ఆ బోర్డుకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. ఒక సెకను శబ్దాన్ని సన్నటి ముక్కలుగా కోసి, ఏ ముక్కలో ఏ స్థాయి శబ్దం ఎంత బలంగా ఉందో ఒక బొమ్మలా చేసుకుంటుంది. ఏ బొమ్మ ఏ మాటదో పోల్చుకోవడమే దాని చదువు. ఆ చదువంతా నా ల్యాప్‌టాప్‌లో చెప్పించి, నేర్చుకున్న అంకెల్ని ఆ చిన్న బోర్డులో పట్టేలా ఎనిమిది బిట్లకు కుదించి ఎక్కించాలి. నాలుగు మాటలతో పాటు 'వేరే మాట', 'మాట లేదు' అని ఇంకో రెండు గంపలు కూడా పెట్టాలి. లేకపోతే కుక్క మొరిగినా అది నాలుగింట్లో ఏదో ఒకటి అనుకుంటుంది.

దానికి చూపించకుండా పక్కన పెట్టిన రికార్డింగులతో పరీక్ష పెట్టాను. నూటికి తొంభై ఏడు. నాకు నేల మీద కాళ్లు ఆనలేదు. మంచం తలవైపు బోర్డు బిగించి, మగ్గం ముందు ఒక ఎర్ర దీపం కట్టి, పెద్దమ్మను నేయమన్నాను. ఆమె తాడు లాగింది. పెదనాన్న పిలిచాడు. దీపం వెలగలేదు. మళ్లీ పిలిచాడు. మెడ నరాలు ఉబ్బేలా పిలిచాడు. వెలగలేదు. ఆ తర్వాత ఆయన పిలవలేదు.

"పోనీలేవే, నీ ప్రయత్నం నువ్వు చేశావు" అంది పెద్దమ్మ. మగ్గం మీద ఇంకా రెండు చీరల పడుగే మిగిలి ఉంది.

ఆ రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగులన్నీ మొదటినుంచీ విన్నాను. కాకి ఉంది, కుక్కర్ విజిల్ ఉంది, పెదనాన్న దగ్గు ఉంది. మగ్గం లేదు. ఒక్క రికార్డింగులోనూ లేదు. మగ్గాల వీధిలో పట్టపగలు మగ్గం చప్పుడు లేకపోవడమేమిటి?

తెల్లారి వెళ్లి పక్కింటి బుల్లయ్య బాబాయిని అడిగాను.

"నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని రావడం చూసి, చప్పుడు చెయ్యొద్దని వీధంతా నేనే చెప్పొచ్చానమ్మా" అన్నాడు, మెచ్చుకుంటాననుకుని.

ఎదురింటి కోటేశ్వరి కూడా వచ్చింది. "రోశయ్య మామ మాట రికార్డు చేస్తన్నారంటే మగ్గం ఎట్టా ఆడిస్తాం? మా ఇంట్లో టీవీ కూడా కట్టేశాం."

నేను రికార్డు చేసిన ప్రతిపూటా వాళ్లు పని ఆపుకుని కూర్చున్నారు. పెద్దమ్మ కూడా అంతే. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆ నిశ్శబ్దంలో నేర్చుకున్న బోర్డు, ఆ నిశ్శబ్దంలోనే పరీక్ష రాసి తొంభై ఏడు తెచ్చుకుంది. మగ్గం చప్పుడు దాని చెవిన ఒక్కసారీ పడలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నేత మానుకుని కూర్చోవడమంటే వాళ్లకు ఆ పూట కూలి పోవడమే. నా ఇంటివాళ్ల కోసం ఇంతమంది అంత పని చేశారు.

"బాబాయ్, మీకు దణ్ణం పెడతాను. ఇవ్వాళ అందరూ నెయ్యండి" అన్నాను.

నేశారు. పగ పట్టినట్టు నేశారు. కోటేశ్వరి సీరియల్ కూడా పెట్టింది. ఒట్టి మగ్గం చప్పుడును విడిగా పట్టుకుని, పాత రికార్డింగులకు కొంత ఎక్కువగా, కొంత తక్కువగా కలిపాను. అదొక్కటే చాలలేదు. చప్పుడు మధ్య మనిషి మాట్లాడే తీరే వేరు. గొంతు పెంచుతాడు, సాగదీస్తాడు. అందుకని మగ్గం ఆడుతుండగానే పెదనాన్నతో అన్ని మాటలూ మళ్లీ చెప్పించాను. 'వేరే మాట' గంపలోకి వీధి కబుర్లూ, బుల్లయ్య బాబాయి తన భార్యను పిలిచే ఏమేవులూ వేశాను. ఒక్క పిలుపునే బోర్డు వెంటవెంటనే రెండు మూడు సార్లు పోల్చి చూసి, ప్రతిసారీ అదే మాటని తేలితేనే దీపం వెలిగేలా పెట్టాను.

ఈసారి మగ్గం ఆడుతుండగా పెదనాన్న "ఏ... ఎయ్" అన్నాడు. ఎర్ర దీపం వెలిగింది. పెద్దమ్మ తాడు వదిలి గుంటలోంచి లేచి పరుగున వచ్చింది.

"ఏం కావాలి?"

ఏమీ వద్దన్నట్టు తల ఊపాడు. ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచి, వెళ్లి మళ్లీ మగ్గంలో కూర్చుంది. ఆ నెలలోనే కొత్త పడుగు వచ్చింది. బుల్లయ్య బాబాయి అతుకుతుంటే, పెదనాన్న మంచాన్ని ముందు గది గుమ్మం దాకా జరిపించుకుని చూశాడు. కళ్లతోనే వంకలు పెట్టాడని బాబాయి ఫిర్యాదు.

చలికాలం పోయి ఎండలు ముదిరాయి. ఒకరోజు పెద్దమ్మ ఫోను. "నీ దీపం పాడైందే. గాలీ లైటూ బానే వింటంది. నన్ను పిలిస్తే మాత్రం వెలగటం లేదు."

చేస్తున్న పని మధ్యలో ఆపి, మండుటెండలో మిరపకాయల లారీల వెనక నెమ్మదిగా జరిగే బస్సులో గొణుక్కుంటూ వెళ్లాను. వైర్లు చూశాను, బాగున్నాయి. మైకు బాగుంది. వెనక గదిలో కూర్చుని, ముందు గదిలో మగ్గం ఆడుతుండగా, "ఏదీ, పిలువు" అన్నాను.

పెదనాన్న పిలిచాడు. పెదాలు రెండూ కలిశాయి. మకారం మకారంలా, వకారం వకారంలా పడింది. నేను నేర్పిన బోర్డుకు జబ్బుమనిషి పిలుపే తెలుసు. ఈ గొంతు దానికి కొత్త. 'వేరే మాట' గంపలో వేసేసింది. గాలి, లైటు, చాలు అనడానికి పెదాలతో పని లేదు కనుక అవి మారలేదు.

మొదటినుంచీ మళ్లీ రికార్డు చేయాలి. ఇంత సంతోషంగా నేనెప్పుడూ పని పాడుచేసుకోలేదు. గుంటూరు డాక్టర్లకూ, ఆ వీధికీ, దేవుడికీ మనసులోనే దణ్ణాలు పెట్టుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచాను.

"ఇంకోసారి అను పెదనాన్నా."

"ఏమేవ్" అన్నాడు, పాత కేకలో సగం బలంతో.

దీపం వెలగలేదు. కానీ ముందు గదిలో మగ్గం ఆగింది. "వస్తన్నా" అంటూ పెద్దమ్మ చేతులు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"దీపం వెలగలేదుగా, ఎట్టా వచ్చావు?" అని అడిగాను.

"వినపడిందే" అంది.