పదిహేను శాతం మీద నేను వేసిన లెక్క

జహీరాబాద్‌లో మేము అద్దెకున్న ఇంటి యజమానిని నేను బాబాయిగారూ అని పిలిచేదాన్ని. ఆయనకు నేను కోస్తా నుంచి వచ్చిన "ఫ్యాక్టరీ లెక్కల బిడ్డ"ని. మా ఆయన అదే ఫ్యాక్టరీలో ఇంజనీరు, నేను అకౌంట్స్‌లో. కింద వాళ్లు, పైన మేము. ఎనిమిదేళ్లు ఆ మేడ మెట్లు ఎక్కి దిగాం.

ఆయనకు న్యాల్‌కల్ వైపు భూమి ఉండేది. ఫ్యాక్టరీల కోసం తీసుకున్నారు. పరిహారంగా వచ్చిన డబ్బులో పాత బాకీలు తీరగా, కొడుక్కి దుకాణం పెట్టించగా సరిగ్గా పది లక్షలు మిగిలాయి. ఆ పది లక్షలతో రాయికోడ్ దగ్గర ఒక ఎకరం బేరానికొచ్చింది. పిన్నిగారు, అంటే ఆయన భార్య, అది కొనేద్దామని పట్టుబట్టింది.

"ఎకరమే అయినా భూమి భూమే. నాకు పొద్దుగాల లేచి పోనీకి ఒక జాగ గావాలె" అనేది.

"ఎకరంల ఏం పండుతది? రెండెకరాలన్నా లేకుంటే వ్యవసాయం అనరు దాన్ని" అనేవాడాయన. అప్పటికి ఆయనకు అరవై మూడేళ్లు. పొలం లేని రెండేళ్లలో నడక కూడా మారిపోయింది. పొద్దున్నే లేచి, వెళ్లే చోటు లేక, గేటు దాకా వెళ్లి వచ్చేవాడు.

ఒక ఆదివారం ఉదయం పైకి వచ్చి నా చేతిలో ఒక బ్రోచర్ పెట్టాడు. మెరిసే కాగితం, ముందు పేజీలో నవ్వుతున్న రైతు కుటుంబం. మన డబ్బు షేర్లలో పెట్టే పథకం అది, బజారులో ఆఫీసున్న ఒక ఏజెంటు ఇచ్చాడట.

"బిడ్డా, జర ఇది చూడు. ఏటా పదిహేను శాతం అని రాసిన్రు. నిజమేనా?"

పెద్ద అక్షరాలతో "వార్షిక రాబడి 15%" అని ఉంది. కింద ఒక గ్రాఫ్. ఐదేళ్ల క్రితం పది లక్షలు పెట్టినవారికి ఇవాళ పదిహేడున్నర లక్షలు అని బాణం గుర్తు పైకి పోయింది. నాకు వెంటనే ఏదో తేడా కొట్టింది. లెక్కల మనిషికి అది పంటి కింద రాయి పడినట్టే ఉంటుంది. కాగితం తీసి ఆయన ముందే వేశాను.

"ఏటా పదిహేను పెరిగితే మొదటి ఏడాదికి పదకొండున్నర లక్షలు బాబాయిగారూ. రెండో ఏడాది ఆ పదకొండున్నర మీద పదిహేను శాతం. పదమూడు లక్షల ఇరవై రెండు వేల అయిదు వందలు. మూడో ఏడాదికి పదిహేను లక్షల ఇరవై వేలు దాటుతుంది. నాలుగో ఏడాదికి చూడండి, పదిహేడు లక్షల నలభై తొమ్మిది వేలు."

"అంటే నాలుగేండ్లకే వాళ్లు చెప్పిన పైసలు అయిపోయినయి గదా."

"అయిపోవాలి. ఐదో ఏడాదికి ఇరవై లక్షల పదకొండు వేలు ఉండాలి. కానీ వీళ్లు ఐదేళ్లకు పదిహేడున్నరే అంటున్నారు."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మరి పదిహేను ఎక్కడికెల్లి వచ్చింది?"

"ఏడున్నర లక్షలు లాభం. పది లక్షల మీద డెబ్బై అయిదు శాతం. దాన్ని ఐదుతో భాగించారు. పదిహేను. అంతే. ఏడాది ఏడాదికీ పెరిగిన దాని మీద పెరుగుతుందన్న సంగతి వదిలేశారు."

అసలు శాతం ఎంతో చూద్దామని వెనక్కి లెక్కేశాను. పన్నెండు పెట్టి చూస్తే పదిహేడు లక్షల అరవై రెండు వేలు వచ్చింది, ఎక్కువైంది. పదకొండు పాయింట్ ఎనిమిది పెడితే పదిహేడు లక్షల నలభై ఆరు వేలు, కొంచెం తగ్గింది. ఆ రెంటి మధ్య, పదకొండు పాయింట్ ఎనిమిదికి దగ్గరగా. ఆ అంకె చుట్టూ పెన్నుతో గీత గీశాను. గీసినప్పుడు నాకు గర్వంగానే అనిపించింది. దాచడం ఎందుకు?

మర్నాడు సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తూ బాబాయిగారితో కలిసి ఏజెంటు దగ్గరికి వెళ్లాను. చొక్కా నలగని ముప్పై ఏళ్ల మనిషి. నా కాగితం చూసి ఏమాత్రం తడబడలేదు.

"మేడమ్ కరెక్టే చెప్పిన్రు. అది సింపుల్ లెక్క. పై ఆఫీసోళ్లు గట్లనే అచ్చేసిన్రు. కాని పది లక్షలు పదిహేడున్నర అయినయి, అది అబద్ధం గాదు గద? మీ లెక్కల కూడ అదే వచ్చింది."

నిజమే, వచ్చింది.

"బ్యాంకుల ఎంతైతయి?" అని బాబాయిగారు నన్నడిగాడు. ఏడు శాతానికి వేసి చెప్పాను. ఐదేళ్లకు పద్నాలుగు లక్షల రెండున్నర వేలు.

ఆయన పెదవులు కదులుతున్నాయి. పదిహేడున్నరకూ పద్నాలుగుకూ మధ్య మూడున్నర లక్షలు. పదిహేడున్నర ఉంటే రెండో ఎకరానికి దగ్గరికి పోవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో చెప్పాను. "బాబాయిగారూ, అది జరిగిపోయిన ఐదేళ్లది. రాబోయే ఐదేళ్లూ అలాగే ఉంటుందని వాళ్లు రాయలేదు. చివర చిన్న అక్షరాల్లో అదే ఉంది."

"నువ్వు చూసినవ్ గద బిడ్డా. వాళ్లు పదిహేను అంటే నువ్వు పట్టుకున్నవ్. ఆ పదకొండు పాయింట్ ఎనిమిది నీ లెక్క. నీ లెక్క మీద నాకు భరోస ఉన్నది."

అప్పుడు నేను ఆటో ఆపించి, గట్టిగా, మళ్లీ మళ్లీ చెప్పాల్సింది. చెప్పలేదు. ఒక్కసారి అన్నాను కదా అనుకున్నాను. వాళ్ల అబద్ధం పట్టుకుని, ఆ జాగాలో నేను ఆయనకు ఇంకో అంకె ఇచ్చాను. వాళ్ల అంకెను ఆయన నమ్మేవాడో లేదో, నా అంకెను నమ్మాడు. ఇది నాకు అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

వారం తిరక్కుండా సంతకాలు పెట్టాడు. ఐదేళ్ల దాకా తీయడానికి లేదు. పిన్నిగారు ఆ రోజు వంట చేయలేదు.

మొదటి ఏడాది ఇరవై రెండు శాతం పెరిగింది. పది లక్షలు పన్నెండు లక్షల ఇరవై వేలు. జిలేబీ పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. "నీ లెక్క కన్న ఎక్కువనే ఉన్నది" అని నవ్వాడు. నేనూ తిన్నాను.

రెండో ఏడాది స్టేట్‌మెంటు తెచ్చినప్పుడు కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అడిగాడు.

"పోయినేడు ఇరవై రెండు పెరిగింది. ఈ ఏడు పద్దెనిమిది తగ్గింది అన్నరు. ఇరవై రెండుల పద్దెనిమిది పోతే నాలుగు. నాలుగు శాతం అంటే నలభై వేలు మిగలాలె. గీ కాగితంల పది లక్షల నాలుగు వందలే ఉన్నయి. నలభై వేలు ఎవరు తిన్నరు?"

"ఎవరూ తినలేదు బాబాయిగారూ. పెరిగింది పది లక్షల మీద. తగ్గింది పన్నెండు లక్షల ఇరవై వేల మీద. దాని మీద పద్దెనిమిది శాతం అంటే రెండు లక్షల పంతొమ్మిది వేల ఆరు వందలు."

"అంటే పెరిగేటప్పుడు చిన్న దాని మీద, తగ్గేటప్పుడు పెద్ద దాని మీద."

"అవును."

ఆయన కాసేపు ఆ కాగితం మడిచాడు, విప్పాడు. "రెండేండ్లకు నాలుగు వందలు" అన్నాడు. దిగుతుంటే రెయిలింగ్ పట్టుకున్నాడు, అంతకుముందు పట్టుకునేవాడు కాదు.

మూడో ఏడాది పదిహేను పెరిగింది. నాలుగో ఏడాది పన్నెండు తగ్గింది. అప్పటికి ఆయన పైకి రావడం మానేశాడు. నేనే కిందికి వెళ్లి స్టేట్‌మెంట్లు చూసి వచ్చేదాన్ని. పిన్నిగారు టీ ఇచ్చేది, మాట మాత్రం ఆడేది కాదు. ఆమెకు ఆ రాయికోడ్ ఎకరం సంగతి ఎవరో ఒకరు చెబుతూనే ఉండేవారు. హైదరాబాద్ వాళ్లు కొన్నారు, కంచె వేశారు, పక్క ఎకరం ఇరవై నాలుగు లక్షలకు పోయింది.

ఐదో ఏడాది పది శాతం పెరిగి గడువు తీరింది. చేతికి పదకొండు లక్షల పదమూడు వేల ఆరు వందల చిల్లర. దాంతోపాటు ఒక ఉత్తరం, "మీ సగటు వార్షిక రాబడి 3.4%" అని.

ఆ ఉత్తరం మీద కూడా నేను లెక్క వేశాను. వేయకుండా ఉండలేకపోయాను. ఇరవై రెండు, పదిహేను, పది కలిపి, పద్దెనిమిది, పన్నెండు తీసేసి ఐదుతో భాగించారు. పది లక్షలు ఐదేళ్లలో పదకొండు లక్షల పదమూడు వేలు కావాలంటే ఏటా పెరగాల్సింది రెండు పాయింట్ రెండు కూడా లేదు. పోస్టాఫీసులో మామూలు పొదుపు ఖాతాలో పడేసినా అంతకంటే మెరుగు.

మళ్లీ ఏజెంటు దగ్గరికి వెళ్దాం, రాతపూర్వకంగా అడుగుదాం అన్నాను. వెళ్లాం. ఆ ఆఫీసులో ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. కంపెనీ నంబరుకు ఫోన్ చేస్తే ఒక అమ్మాయి మర్యాదగా బ్రోచర్ చివరి పేజీ చదివి వినిపించింది. గత రాబడి భవిష్యత్ రాబడికి హామీ కాదు. ఆ వాక్యం నేను ఐదేళ్ల క్రితమే చదివాను.

తిరిగొచ్చి బాబాయిగారు గేటు దగ్గర అరుగు మీద కూర్చున్నాడు. నేను నిలబడ్డాను.

"నన్ను తిట్టండి బాబాయిగారూ" అన్నాను.

"నిన్నెందుకు తిడత? నీ లెక్క తప్పు గాలె." మళ్లీ తనే అడిగాడు, "ఇప్పుడు బ్యాంకుల ఏస్తే ఇంకో ఐదేండ్లకు ఎంతైతది?"

ఏడు శాతానికి వేశాను. "పదిహేను లక్షల అరవై రెండు వేలు."

"అప్పటికి నాకు డెబ్బై మూడు." వీధి వైపు చూశాడు. "అప్పటికి ఎకరం ఎంతుంటది?"

నేను పెన్నుకు మూత పెట్టేశాను.

లోపలి నుంచి పిన్నిగారు వచ్చింది. ఐదేళ్లలో ఆ విషయం మీద ఆమె నాతో మాట్లాడింది అదొక్కసారే. "పెరిగేది ఒద్దు బిడ్డా. నెలనెల చేతికొచ్చేటట్లు ఏపియ్యి. తినాలె గద" అంది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

బ్యాంకుకు నేనే తీసుకెళ్లాను. నెలకు ఆరున్నర వేల వడ్డీ వచ్చేలా వేశాం. వడ్డీ బయటికి వచ్చేస్తుంది కాబట్టి అసలు ఇక పెరగదు, ఎన్నేళ్లయినా ఆ పదకొండు లక్షలే. ఆ సంగతి వివరించబోతే బాబాయిగారు చెయ్యి అడ్డం పెట్టి, ఫారం మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించమన్నాడు. భూమి మాట ఆ ఇంట్లో మళ్లీ వినలేదు. కొడుకు దుకాణం అంతకు ముందే మూతపడింది. మా అద్దె, ఆ వడ్డీ కలిపినా ఇల్లు గడవలేదు.

మరుసటి ఏడాది మాకు ఫ్యాక్టరీ క్వార్టర్స్ వచ్చాయి. ఖాళీ చేసే రోజు బాబాయిగారు సామాను లారీ ఎక్కేదాకా నిలబడ్డాడు. పైన ఎవరైనా వస్తారా అని అడిగితే, వస్తరు బిడ్డా, ఫికర్ చెయ్యకు అన్నాడు.

మొన్న చలికాలంలో ఉదయం షిఫ్టు బస్సు కోసం నిలబడి ఉండగా మొగుడంపల్లి రోడ్డు మీద ఆలుగడ్డలు తవ్వడానికి కూలీలను తీసుకెళ్లే ఆటో ఒకటి ఆగింది. పదిమందికి పైగా ఆడవాళ్లు ఇరుక్కుని కూర్చున్నారు. చివర, కాళ్లు బయటికి వేలాడేసి, తలకు తువాలు చుట్టుకుని పిన్నిగారు ఉంది. ఎవరి చేలో కూలికో. నన్ను చూసింది. నేను చెయ్యి ఎత్తబోయాను. ఆమె తువాలు కొంచెం ముందుకు లాక్కుని పక్కనున్న మనిషితో ఏదో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆటో కదిలింది.