తొంభై తొమ్మిది చూపించే మిషను

మీరాబీ ఏ కొట్లోనూ పరీక్షించి చూడందే వస్తువు కొనదు. 2009లో తెనాలి సర్జికల్ షాపులోనూ అంతే. ఇంటి నుంచి తెచ్చిన పాదరసం థర్మామీటరుతో అంకె సరిపోయాకే డిజిటల్‌ది తీసుకుంది.

తర్వాత భర్త నబీ సాహెబ్ ఆయాసానికి, వేలికి తొడిగితే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే మిషన్లు అడిగింది. షాపాయన రెండు తీశాడు: ఒకటి పేరున్న కంపెనీది, ఇంకోటి చవకది. రెండు పెట్టెల మీదా రెండు పాయింట్లకు మించి తేడా రాదనే ఉంది.

"రాయడానికేం, ఎవరైనా రాస్తారు!" అంది మీరాబీ.

భర్త చల్లటి చెయ్యి రుద్ది వెచ్చబెట్టి, ఒకదాని తర్వాత ఒకటి తొడిగింది. పేరున్న కంపెనీది, పొద్దున ఆస్పత్రిలో చూపినట్టే తొంభై ఒకటి అంది. చవకది తొంభై తొమ్మిది అంది. అనుమానమొచ్చి అందులో షాపాయన పెన్సిల్ పెట్టింది. దానికీ తొంభై తొమ్మిదే!

"అయినా ఇదే తీసుకుందాం. చూస్తే ధైర్యంగా ఉంది" అన్నాడు నబీ సాహెబ్, రొప్పుతూ.

"బాగానే ఉన్నానని అబద్ధం చెప్పడానికి ఇంట్లో మీరున్నారుగా! ఇంకోటెందుకండీ?"