వలస పోరని రాసుకొన్నాం

బత్తలపల్లె బస్టాండు దగ్గర ఒక మేడమీద రెండు గదుల్లో మా సంస్థ ఆఫీసు ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో మూడుకో నాలుగుకో బడి మానేసే పిల్లల్ని ఐదో తరగతి దాకా నిలబెట్టడం మా ప్రాజెక్టు. దానికి నేను కోఆర్డినేటర్ని. నిధులిచ్చే సంస్థ లాగ్‌ఫ్రేమ్ అడిగితే నేనూ, సార్ అని పిలిచే మా డైరెక్టరూ కూర్చొని తయారు చేసినాం.

అది గడులు గీసిన ఒక్క పేజీ. ఎడమ పక్క, కింద నుంచి పైకి మెట్లు. అన్నిటికన్నా కింద మేము చేసే పనులు. ఆ పనులవల్ల చేతికొచ్చే ఫలితాలు దానిపైన: శిక్షణ పొందిన టీచర్లు, పల్లెల్లో నడిచే సాయంత్రం బడులు. ఆపైన ఉద్దేశం: చేరిన పిల్లలు ఐదు పూర్తి చేయడం. అన్నిటికన్నా పైన లక్ష్యం: మండలంలో చదువు రానివాళ్లు తగ్గడం. ప్రతి మెట్టు పక్కనా దాన్ని కొలిచే సూచిక, ఆ కొలతకు రుజువు. కుడి చివర, మా చేతిలో లేకపోయినా జరుగుతాయని నమ్ముకొన్నవి. ఫలితాలు వచ్చి, పక్క గడిలో నమ్ముకొన్నది కూడా నిజమైతేనే పై మెట్టు అందుతుంది. ఫలితాల పక్క గడిలో, వానలు మామూలుగా పడతాయి, కుటుంబాలు వలస పోవు అని రాసినాం. రాస్తున్నప్పుడు ఇద్దరమూ ఒకరి మొగం ఒకరు చూసుకొన్నాం.

రెండో ఏడు వానల్లేక శెనక్కాయ చెట్లకు కాయ పట్టే ఊడ కూడా భూమిలోకి దిగలేదు. దసరా అయినాక జనం మూటలు కట్టుకొని బెంగుళూరు కట్టడం పనులకు పోయినారు. పిల్లల్ని యాడ పెట్టి పోతారు? వెంట తీసుకుపోయినారు. టీచర్లున్నారు, బడులున్నాయి, పిల్లలే లేరు.

మా టీచర్లలో ఒకమ్మాయి ఉండేది. ఒక పల్లెలో పరుపులు కుట్టే సాయిబు కూతురు. పదో తరగతి పాసై, ఇంటి వసారాలోనే సాయంత్రం బడి నడిపేది. నేను పోయినప్పుడు నలుగురైదుగురు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకొని ఉండేది. "ఇంగ ఈళ్లు గూడ పోతారంట అక్కా," అనింది ఒకసారి, పలకలు సర్దుతా.

నిధులిచ్చే సంస్థ నుంచి మేడం తనిఖీకి వస్తాండాదని తెలిసినాక సార్ నన్ను పిలిచినారు.

"ఏమ్మా, ఐదు పూర్తి చేసినోళ్లు అనే సూచిక తీసేద్దాం. బడిలో పేరున్నోళ్లు అని పెడితే సరిపోతుంది."

"పేర్లుంటాయి సార్. పిల్లలు బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇసుక గుట్టల మీద ఉంటారు. అది చదువు పూర్తి చేసినట్టు యెట్లవుతుంది?"

"ప్రాజెక్టు ఆగిపోతే ఆ నలుగురు పిల్లోళ్లకు గూడ బడి ఉండదు. ఆలోచించు." ఆయన మాటలో మోసం లేదు, భయం ఉండాది. నాకూ ఉండాది.

సార్ ఇంక పట్టుబట్టలేదు. మేడం వచ్చినప్పుడు మేము సూచిక మార్చని పాత పేజీనే ఇచ్చినాం. ఆమె చాలాసేపు కుడి చివరి గడి చూసి అడిగింది: "కరువు సీమలో ఇది జరుగుతుందని నిజంగా నమ్మినారా?"

"లేదు మేడం," అన్నాను నేను.

"వానను మీరు తేలేరు. కానీ పిల్లలు వెంట పోకుండా చూడగలరు కదా. అట్లయితే అది నమ్ముకొనేది కాదు, మీరు చేసే పని."

ఆ సాయంత్రమే పేజీ తిరగరాసినాం. వలస నెలల్లో పిల్లలుండే హాస్టలు కొత్త ఫలితం. సీజనంతా హాస్టల్లో ఉన్న పిల్లలెంతమంది అనేది దాని సూచిక, హాజరు పుస్తకం రుజువు. పైన ఐదు పూర్తి చేయడం అట్లనే ఉంచినాం. కుడి పక్క మాత్రం, పిల్లల్ని వదిలిపోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటారు అని చేరింది. నిధులు పెరగవని మేడం ముందే చెప్పింది. హాస్టలు రావాలంటే పిల్లలు తగ్గిన ఊళ్లలో సాయంత్రం బడులు మూయాల.

ఆ పేజీ తీసుకొని, బడి మూస్తామని చెప్పడానికి నేనే ఆ అమ్మాయి ఇంటికి పోయినాను.

"మంచిదే కదక్కా హాస్టలు," అనింది. మళ్లా, "ఇంగ నా పని ఆ కాగితంలో యాడుండాది?" అనింది.

హాస్టల్లో రాత్రిపూట ఉండే పని ఇస్తామన్నాను. వాళ్ల నాయన ఒప్పుకోలేదు. పెండ్లి కావాల్సిన పిల్ల బయట పడుకోకూడదన్నాడు.

హాస్టలు నడిచింది. చాలామంది నిలిచినారు, పరీక్షలు రాసినారు. మరుసటేడు ఆ అమ్మాయి నాయనకు పరుపుల పని గూడ దొరకలేదు. నేను ఆ ఊరికి పోతే ఇంటికి తాళం. "అందరూ బెంగుళూరికి పోయినారు," అనింది పక్కింటామె. "టీచరమ్మ గూడ ఇటుకలు మోస్తాండాదంట. చిన్న చెల్లెల్ని మాత్రం మీ హాస్టల్లో ఇడిసిపోయినారు."

ఆ చెల్లెలు ఆ ఏడు ఐదు పాసైంది. రిపోర్టులో సూచిక ఎదురుగా నేను రాసిన అంకెలో ఆమె ఉండాది. అక్కను రాయడానికి ఏ గడీ కనబడలేదు. సార్ సంతకం పెట్టించుకొని, కవరు అంటించి, నేనే బస్టాండుకు పోయి కొరియర్‌లో ఇచ్చి వచ్చినాను.