ఇల్లు నాది కాదని రాసిచ్చాను

నోటీసు చదవగానే నాకు మా దుకాణం ఎదురు హోటలాయన మొహం గుర్తొచ్చింది. ఆదాయపు పన్ను రిటర్ను ఎందుకు వేయలేదో పదిహేను రోజుల్లో చెప్పాలి, లేదంటే జరిమానా అని అందులో ఉంది. ఇది 1987 నాటి మాట. కరీంనగర్‌లో ఎనిమిది కిరాయి సైకిళ్ల దుకాణం నాది. నాకు రిటర్నేమిటి? మేం కొత్తగా ఇల్లు కొంటే ఓర్వలేక ఆయనే ఆకాశరామన్న ఉత్తరం రాసి ఉంటాడని తేల్చేసుకున్నాను. ఆయన దగ్గర చాయ్ మానేశాను.

నిజానికి ఆ ఇల్లు కొన్నది దుబాయిలో ఉన్న తమ్ముడి డబ్బుతో. పేరు మాత్రం నాది. నేను వద్దంటే వాడే వినలేదు. "నువ్వు పెద్దోనివి. నువ్వుండంగ నా పేరెందుకే అన్నా?" అన్నాడు. వేరుపడని అన్నదమ్ముల్లో ఏది కొన్నా పెద్దవాడి పేరు మీద రాయించడం మా దగ్గర ఆనవాయితీ.

నోటీసు పట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాను.

"దుకాణం మీద సాలుకు ఎంతొస్తది?" అన్నాడు.

"పదివేలు దాటది."

"పద్దెనిమిది వేల లోపైతే రిటర్ను ఏసే పనే లేదు. కని ఇల్లెట్ల కొన్నవని అడుగుతరు. ఆ పైసలు నీయి కావని రుజువు చెయ్యకుంటే నీ ఆమ్దనీ కిందనే కట్టి పన్నేస్తరు."

ఆయన గడువు అడిగి తెచ్చాడు. నేను తమ్ముడికి ఉత్తరం రాశాను. ఈలోగా పన్ను ఇన్‌స్పెక్టరు దుకాణానికి వచ్చి సైకిళ్లు లెక్కపెట్టాడు. "గివ్వేనా? ఇంకేడన్న పెట్టినవా?" అన్నాడు. ఆయన నన్ను నమ్మలేదు. నేను మాత్రం హోటలాయన ఇటు చూస్తున్నాడా అని చూస్తున్నాను.

తమ్ముడి జవాబు ఎంబసీ ముద్రతో వచ్చింది. 'ఇంటికి పెట్టిన పైకమంతా నాదే. మా అన్నది ఒక్క పైసా లేదు.' నేను రాయమన్నదే రాశాడు. అయినా బేరమాడింది, సున్నం వేయించింది నేనే కదా! రాయడానికి వాడి చెయ్యి కొంచెమైనా తడబడిందా అని ఆ అక్షరాలను పదేపదే చూశాను. తడబడినట్టు లేదు.

పన్ను ఆఫీసులో ఆఫీసరు బ్యాంకు పాసుబుక్కు, డ్రాఫ్టుల కాగితాలు, ఆ ఉత్తరం చూశాడు. ఇల్లు తమ్ముడిదని, నేను పేరుకే ఉన్నానని రాయించి నా సంతకం తీసుకున్నాడు. "మీకు రిటర్ను వేయాల్సిన అవసరం లేదు. నోటీసు రద్దు చేస్తున్నాం" అన్నాడు.

"సార్, నా మీద అర్జీ ఎవరు పెట్టిండ్రు?"

"ఎవరూ పెట్టలేదు. కొనుగోళ్ల వివరాలు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచే మాకు వస్తాయి."

వస్తూ హోటల్లో కూర్చున్నాను. ఆయన ఎప్పటిలాగే చాయ్ తెచ్చి ముందు పెట్టాడు. సిగ్గేసింది.

ఇంటికి వచ్చేసరికి తమ్ముడి భార్య గడపలోనే నిలబడి ఉంది.

"పనైందా బావా?"

"అయింది. నోటీసు కొట్టేసిండ్రు."

"మంచిగైంది. మీరు సంతకం పెట్టిన కాయిదం నకలు నాకొకటియ్యుండ్రి. మీ తమ్ముడు దాచిపెట్టుమన్నడు."

మర్నాడు జిరాక్సు తీయించి ఇచ్చాను. అప్పటి నుంచి ఆ ఇంట్లో గోడకు మేకు కొట్టాలన్నా ఆమెను అడిగే కొట్టాను.